గడువు తీరాక తీసుకున్న తొలి అద్దె

అందరికీ నమస్కారం. లీజు గడువు ముగిసింది, అద్దెదారు ఖాళీ చేయలేదు. ఆ మర్నాటి నుంచి అతను ఎవరు? అద్దెదారేనా, అక్రమంగా ఉంటున్నవాడా? తగాదా వచ్చినప్పుడు చాలామంది వెంటనే అగ్రిమెంటు తీసి చూస్తారు. కానీ జవాబు ఎక్కువగా ఆ తర్వాతి నెల బ్యాంకు స్టేట్‌మెంట్లో దొరుకుతుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, నిర్ణీత కాలానికి ఇచ్చిన లీజు ఆ కాలం తీరగానే దానంతటదే ముగుస్తుంది. దానికి విడిగా నోటీసు అక్కర్లేదు. ఆస్తిని తిరిగి అప్పగించే బాధ్యత అద్దెదారుడిదే. ఇక 116వ సెక్షన్ చెప్పేది ఇది: గడువు తర్వాత కూడా అద్దెదారు ఉండిపోగా, యజమాని అద్దె తీసుకున్నా, మరో రకంగా సమ్మతి తెలిపినా లీజు కొనసాగినట్టే. దీన్నే హోల్డింగ్ ఓవర్ అంటారు. వ్యవసాయానికో, వస్తువుల తయారీకో ఇచ్చిన ఆస్తి అయితే ఏడాదికేడాది, ఇల్లు, దుకాణం వంటివి అయితే నెలనెలా కొనసాగే లీజుగా మారుతుంది. పాత అద్దె, పాత షరతులే నడుస్తాయి.

యజమాని సమ్మతి లేకపోతే సంగతి వేరు. అప్పుడు అతన్ని టెనెంట్ ఎట్ సఫరెన్స్ అంటారు. ఒకప్పుడు హక్కుతో లోపలికి వచ్చాడు కాబట్టి దొంగతనంగా చొరబడ్డవాడు కాడు. కానీ ఇప్పుడు అక్కడ ఉండే హక్కూ లేదు. ఆర్.వి. భూపాల్ ప్రసాద్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కేసులో 1995లో సుప్రీంకోర్టు ఈ తేడాను వివరంగా చెప్పింది. సినిమా హాలు లీజు తీరిపోయాక అందులో కొనసాగుతున్న వ్యక్తి స్వాధీనాన్ని చట్టబద్ధమైన స్వాధీనంగా చూడలేమంది.

ఒక ఉదాహరణ అనుకుందాం. మూడేళ్ల రిజిస్టర్డ్ లీజు మీద ఇచ్చిన దుకాణం, నెలకు 20,000 రూపాయలు. మార్చి 31తో గడువు తీరింది. ఏప్రిల్ 5న అద్దెదారు ఎప్పటిలాగే 20,000 యజమాని ఖాతాకు పంపాడు. యజమాని నోరు మెదపలేదు, డబ్బు వాడుకున్నాడు, మే, జూన్ నెలల్లోనూ అంతే. ఇప్పుడు నెలవారీ లీజు ఏర్పడిందని అద్దెదారు గట్టిగా వాదించవచ్చు. ఖాళీ చేయించాలంటే 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. అది అందిన రోజు నుంచి లెక్క. తయారీ పనులకో వ్యవసాయానికో ఇచ్చినదైతే ఆరు నెలలు. నోటీసులో రోజులు తగ్గినంత మాత్రాన అది చెల్లకుండా పోదు. దావా వేసే నాటికి అసలు గడువు నిండి ఉంటే చాలు.

అదే యజమాని మార్చిలోనే ‘లీజు పొడిగించను, 31న తాళాలు ఇవ్వండి, ఆపైన వచ్చే డబ్బును అద్దెగా కాక వాడకానికి నష్టపరిహారంగా మాత్రమే జమ చేసుకుంటాను’ అని స్పీడ్ పోస్టులో రాశాడనుకోండి. అప్పుడు ఖాతాలో డబ్బు పడినంత మాత్రాన సమ్మతి అయిపోదు, ఎందుకంటే హోల్డింగ్ ఓవర్‌కు ఇద్దరి ఇష్టమూ కావాలి. అయితే ఉత్తరంలో అలా రాసి, రశీదులో ‘ఏప్రిల్ అద్దె ముట్టింది’ అని రాసిస్తే ఆ రశీదే ఆయనకు ఎదురు సాక్ష్యమవుతుంది. ఈ పొరపాటు నిజంగా బాధ కలిగించేంత తరచుగా జరుగుతుంది.

అదే చోట అలాంటి దుకాణానికి ఇప్పుడు 32,000 వస్తోందని సాక్ష్యంతో తేలిందనుకోండి. సమ్మతి లేకుండా తొమ్మిది నెలలు ఉన్నందుకు నెలకు 12,000 చొప్పున 1,08,000 అదనంగా పడవచ్చు. దీన్ని కోర్టు భాషలో మెస్నే ప్రాఫిట్స్ అంటారు. స్వాధీనం కోసం వేసే దావాలోనే దీన్నీ అడగవచ్చు. కోర్టు విచారణ జరిపి మొత్తాన్ని తేలుస్తుంది. చుట్టుపక్కల రిజిస్టరైన లీజు పత్రాలు దీనికి మంచి ఆధారాలు. ‘ఖాళీ చేయకపోతే రెట్టింపు అద్దె’ అని అగ్రిమెంటులో ఉన్నా కోర్టు దాన్ని గరిష్ఠ పరిమితిగానే చూసి, సమంజసమైనంతే ఇప్పించవచ్చు.

యజమానులకు ఒక మాట: ఎంత కోపం వచ్చినా తాళం పగలగొట్టకండి, కరెంటు తీయించకండి. చట్టప్రకారం కాకుండా వెళ్లగొడితే, ఆరు నెలల్లోగా దావా వేసి అద్దెదారు తిరిగి స్వాధీనం తెచ్చుకోగలడు. ఆ దావాలో ఆస్తి ఎవరిదన్న ప్రశ్నే రాదు.

అద్దెదారులకు: సామాను తీసేసి తాళాలు మీ దగ్గరే ఉంచుకుంటే అప్పగించినట్టు కాదు, లెక్క నడుస్తూనే ఉంటుంది. తాళాలు ఇచ్చి, తేదీతో సంతకం తీసుకోండి. యజమాని తీసుకోనంటే, ఫలానా రోజున ఇవ్వబోతే నిరాకరించారని అదే రోజు నోటీసు పంపండి.

ఇక, అద్దె నియంత్రణ చట్టం వర్తించే భవనాలకు ఈ లెక్క యథాతథంగా సరిపోదు. అక్కడ గడువు తీరినా చట్టమే అద్దెదారును కాపాడుతుంది, కాబట్టి యజమాని అద్దె తీసుకోవడం సమ్మతికి గుర్తు కాదు. మీ భవనం దాని పరిధిలోకి వస్తుందో రాదో ముందు తేల్చుకుని, ఆ తర్వాతే నోటీసు రాయించండి.