డిస్కషన్ చాప్టర్‌లో "ఏకీభవించలేదు" అని రాసే ముందు

అందరికీ నమస్కారం. థీసిస్‌లోని డిస్కషన్ చాప్టర్ మొత్తం గురించి కాదు, అందులో ఎక్కువమంది తడబడే ఒక్క చోటు గురించే ఈరోజు మాట్లాడతాను. మన ఫలితం పాత అధ్యయనంతో కలవనప్పుడు ఏం రాయాలి?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. నిద్ర గంటలకూ పరీక్ష మార్కులకూ ఉన్న సంబంధం మీ అంశం. పాత అధ్యయనంలో 400 మంది ఉన్నారు, సహసంబంధం 0.30, అది సార్థకం. మీ దగ్గర 60 మంది, వచ్చింది 0.18, సార్థకం కాదు. వెంటనే చాలామంది "మా ఫలితం పూర్వ అధ్యయనంతో ఏకీభవించలేదు" అని రాసేసి పక్క పేరాకి వెళ్ళిపోతారు. ఆ వాక్యం తప్పు. 60 మందితో వచ్చిన 0.18కి 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ లెక్కకడితే సుమారు -0.08 నుంచి 0.41 వరకు వస్తుంది. అందులో సున్నా ఉంది, పాతవాళ్ళ 0.30 కూడా ఉంది. అంటే మీ డేటా వాళ్ళని కాదనడం లేదు, అలాగని సమర్థించేంత బలమూ దానికి లేదు. ఉన్నదున్నట్టు ఇదే రాయండి. 0.30 సంబంధాన్ని 80 శాతం పవర్‌తో పట్టుకోవాలంటే దాదాపు 85 మంది కావాలి, మన దగ్గర అంతమంది లేరు అని కూడా చెప్పండి.

ఆ తర్వాత అసలు పని మొదలవుతుంది: తేడా ఎందుకు వచ్చి ఉంటుంది? పాత పేపర్ తెరిచి ప్రామాణిక విచలనాలు పక్కపక్కన పెట్టి చూడండి. వాళ్ళ విద్యార్థుల నిద్రలో అది 1.4 గంటలు, మీరు ఒకే హాస్టల్‌లో అడిగారు కాబట్టి మీది 0.7 అనుకుందాం. అందరూ ఇంచుమించు ఒకేలా నిద్రపోయే చోట సంబంధం సహజంగానే బలహీనంగా కనిపిస్తుంది. ప్రామాణిక విచలనం ఇలా సగానికి తగ్గితే, మిగతావన్నీ అలాగే ఉన్నా, 0.30 కాస్తా దాదాపు 0.16 అవుతుంది. మీకు వచ్చిన 0.18 దానికి చాలా దగ్గర! అయితే ఇది సాధ్యమైన వివరణే తప్ప రుజువు కాదు, కాబట్టి "కారణం ఇదే" అనకుండా "ఇది కారణం కావచ్చు" అనే రాయాలి.

ఇక పరిమితులు. "శాంపిల్ చిన్నది, సమయం తక్కువ" అన్న మాట ఏ థీసిస్‌లోనైనా అతుకుతుంది, అందుకే దాని వల్ల చదివేవాళ్ళకి ఒరిగేదేమీ లేదు. ప్రతి పరిమితీ ఫలితాన్ని ఎటు నెట్టి ఉంటుందో చెప్పాలి. నిద్ర గంటలు విద్యార్థులే గుర్తు తెచ్చుకుని చెప్పారు, ఆ పొరపాట్లు యాదృచ్ఛికమైతే సంబంధం ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అదే తక్కువ మార్కులు వచ్చినవాళ్ళు తమ నిద్రని తగ్గించి చెప్పి ఉంటే, ఎక్కువగా కనిపిస్తుంది. రెండూ రాయండి, రెండోది మీ వాదనకి ఇబ్బందిగా ఉన్నా సరే. వైవాలో పరీక్షకులు ముందుగా అడిగేది సాధారణంగా మీరు రాయకుండా వదిలేసిన దాని గురించే.

ఇంకొక్క మాట, పరిమితుల్లో ఒప్పుకున్నది ముగింపు అధ్యాయంలోనూ నిలబడాలి. ఇక్కడ "సంబంధం ఉందో లేదో తేల్చలేం" అని రాసి, అక్కడ "నిద్రకీ మార్కులకీ సంబంధం లేదని తేలింది" అని రాసిన థీసిస్‌లు నేను చూశాను. సమర్పించే ముందు ఈ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చదవండి.