తెల్లవారకముందే పోయిన 149 రూపాయలు

శ్రోతలకు నమస్కారం.

హన్మకొండలో మా వీధి మలుపులో ఒక చిన్న కుట్టుమిషను దుకాణం ఉంది. దాన్ని నడిపే ఆవిడ దసరా వెళ్లిన కొన్నాళ్లకు, ఒక ఆదివారం సాయంత్రం, మా ఇంటికి వచ్చింది. ఒక చేతిలో ఫోను, మరో చేతిలో బ్యాంకు పాసుపుస్తకం. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైన వాణ్ని. అందుకని ఇలాంటి పంచాయతీలు మా అరుగు మీదికే వస్తుంటాయి.

"అన్నా, నా ఖాతాలోకి ఎవరో దొంగ చొరబడ్డాడు. నేను నిద్రలో ఉండగానే డబ్బు పోతోంది" అంది.

పాసుపుస్తకం తెరిచి చూశాను. అక్టోబరు 1న 149 రూపాయలు. 8న 149. 15న 149. 22న మళ్లీ 149. ఫోనులో చూస్తే నాలుగుసార్లూ డబ్బు పోయిన సమయం ఉదయం ఆరు లోపే. దొంగ అయితే దొరికినంత ఊడ్చుకుపోతాడు. ప్రతి బుధవారం వచ్చి, లెక్కగా 149 మాత్రమే తీసుకుని, మిగిలింది అలాగే వదిలి వెళ్లేవాడు దొంగ కాదు, చందా వసూలు చేసుకునేవాడు. పేజీలో ఇంకాస్త పైకి వెళ్తే సెప్టెంబరు 28న, అదే పేరుకు, ఒకే ఒక్క రూపాయి వెళ్లినట్టు కనిపించింది. అసలు కథ ఆ రూపాయిలోనే ఉంది.

ఆ రూపాయి గురించి అడిగితే కాసేపు ఆలోచించి గుర్తు చేసుకుంది. సద్దుల బతుకమ్మకు ముందు రోజులు. దుకాణం నిండా కుట్టాల్సిన జాకెట్లు. బడికి సెలవులు కావడంతో కొడుకు పక్కనే కూర్చుని ఫోనులో రెండేసి నిమిషాల సీరియళ్లు చూస్తున్నాడు. ఒక చోట సీరియల్ ఆగిపోయి, మూడు రోజులు ఒక్క రూపాయికే అని వచ్చింది. వాడు ఫోను ఆవిడ ముందుకు చాపాడు. ఆవిడ మిషను ఆపకుండానే ఒక చేత్తో పిన్ కొట్టేసింది. ఒక్క రూపాయే కదా అనుకుంది.

ఆవిడ పిన్ కొట్టింది రూపాయి చెల్లించడానికి మాత్రమే కాదు. దాంతోపాటు ఒక అనుమతి పత్రం మీద సంతకం కూడా చేసింది. దీన్నే యూపీఐ ఆటోపే మ్యాండేట్ అంటారు. ఫలానా కంపెనీ, ఫలానా గడువుకు ఒకసారి, ఇంత మొత్తం మించకుండా, ఫలానా తేదీ వరకు నా ఖాతా నుంచి డబ్బు తీసుకోవచ్చని మనం బ్యాంకుకు ఇచ్చే అనుమతి అది. పిన్ అవసరమయ్యేది ఆ సంతకం దగ్గరే. ఆ తర్వాత విడత 15,000 రూపాయలు దాటనంత వరకు పిన్ అడగరు. మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లులకైతే ఈ హద్దు లక్ష రూపాయలు. అందుకే ఆవిడ నిద్రపోతున్నా డబ్బు వెళ్లింది. ఆ వేళకే ఎందుకంటే, 2025 ఆగస్టు నుంచి ఆటోపే వసూళ్లను రద్దీ లేని వేళల్లో నడపాలని యూపీఐని నిర్వహించే ఎన్‌పీసీఐ నియమం పెట్టింది. ఉదయం పది లోపు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి అయిదు వరకు, రాత్రి తొమ్మిదిన్నర తర్వాత. తెల్లవారుజామున డబ్బు పోయింది కాబట్టి ఇది దొంగపనే అని తీర్మానించుకోనక్కర్లేదు.

"ఆ యాప్‌ను ఈ నెల పదో తారీఖునే తీసేశానన్నా" అంది. నిజమే, తీసేసింది. ఆ తర్వాత కూడా 15న, 22న డబ్బు పోయింది. ఇక్కడే ఎక్కువమంది పొరబడుతున్నారు. సీరియళ్ల యాప్ ఫోనులో ఉంటుంది, అనుమతి మాత్రం బ్యాంకు దగ్గర, యూపీఐ వ్యవస్థలో ఉంటుంది. ఫోనులోంచి యాప్‌ను తీసేయడం అంటే, అద్దెకున్న ఇంటికి తాళం వేసి ఊరెళ్లిపోవడం లాంటిది. ఇల్లు ఖాళీ చేస్తున్నానని యజమానికి చెప్పనంత వరకు అద్దె పడుతూనే ఉంటుంది.

సరే, ఆ అనుమతి ఎక్కడుందో వెతుకుదామని ఆవిడ రోజూ వాడే యూపీఐ యాప్ తెరిచాం. పైన మూలనున్న మన బొమ్మ మీద నొక్కితే ఖాతా వివరాల పేజీ వస్తుంది. అందులో ఆటోపే అన్న మాట కోసం చూడాలి. కొన్ని యాప్‌లలో అది నేరుగానే కనిపిస్తుంది, కొన్నింటిలో చెల్లింపుల సెట్టింగుల లోపల ఉంటుంది. ఆవిడ యాప్‌లో దొరికింది. తెరిస్తే కరెంటు బిల్లుది ఒక్కటే ఉంది. సీరియళ్లది లేదు.

ఆవిడ ముఖం వాడిపోయింది. "చూశావా అన్నా, దొంగే" అంది.

ఫోనులో ఇంకో యూపీఐ యాప్ కూడా ఉంది. ఎప్పుడో క్యాష్‌బ్యాక్ వస్తుందని ఎవరో చెబితే పెట్టుకున్నది, తర్వాత పెద్దగా వాడనిది. ఖాతా మాత్రం అదే. దాన్ని తెరిచి ఆటోపే పేజీకి వెళ్తే, అక్కడ కూర్చుని ఉంది ఆ అనుమతి. ఆ రోజు కొడుకు నొక్కినప్పుడు తెరుచుకున్నది ఈ రెండో యాప్ అన్నమాట. అనుమతి ఏ యాప్‌లో పుడితే ఆ యాప్‌లోనే కనిపించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఏ యాప్ నుంచైనా అన్ని అనుమతులూ చూసుకునే వీలు ఉండాలని 2025 అక్టోబరులో ఎన్‌పీసీఐ చెప్పింది. అయినా, మీ ఫోనులో ఎన్ని యూపీఐ యాప్‌లు ఉంటే అన్నీ ఒకసారి తెరిచి చూసుకోండి. పాత ఫోనులో వాడి, కొత్త ఫోనులో పెట్టుకోని యాప్ ఏదైనా ఉంటే దాన్ని కూడా.

ఆ అనుమతి మీద నొక్కితే వివరాలు వచ్చాయి. అందులో మూడు పంక్తులు ఆవిడ చేత పైకి చదివించాను. మొదటిది గరిష్ఠ మొత్తం. అక్కడ 149 లేదు, 499 అని ఉంది. అంటే కంపెనీ రేపు ధర పెంచినా, 499 దాకా మళ్లీ ఆవిడను అడిగే పని లేదు. రెండోది, ఎన్నాళ్లకు ఒకసారి అన్నది. వారానికి అని ఉంది. ఆవిడ నెలకనుకుంది. వారానికి 149 అంటే నెలకు దాదాపు 600. మూడోది ముగింపు తేదీ. 2055.

"అప్పటికి నా కొడుకు పిల్లలు కూడా పెళ్లీడుకొస్తారు" అంది ఆవిడ. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఇద్దరికీ.

ఈ మూడు పంక్తులూ పిన్ కొట్టే ముందు వచ్చిన తెరమీద కూడా ఉన్నాయి. పెద్ద అక్షరాల్లో ఒక్క రూపాయి, దాని కింద చిన్న అక్షరాల్లో ఇవి. ఆ తెర మీద చదవాల్సింది రూపాయిని కాదు, దాని కింద ఉన్నదాన్ని.

అక్కడ పాజ్, క్యాన్సిల్ అని రెండు మాటలున్నాయి. పాజ్ అంటే కొంతకాలం ఆపడమే, అనుమతి బతికే ఉంటుంది. క్యాన్సిల్ నొక్కాం. మళ్లీ పిన్ అడిగింది. ఇవ్వడానికే కాదు, రద్దు చేయడానికీ పిన్ కావాలి. అయితే మీ యాప్‌ను మీరే తెరిచి, మీరే నొక్కినప్పుడు మాత్రమే. ఎవరో ఫోను చేసి, మీ ఆటోపే రద్దు చేస్తాం, ఈ లింకు నొక్కి పిన్ కొట్టండి అంటే, మాట్లాడకుండా పెట్టేయండి. రద్దు కాగానే ఆ అనుమతి పనిచేస్తున్న వాటి జాబితా నుంచి తప్పుకుంది. ఆ తెరను ఫోటో తీసి దాచుకోమన్నాను.

ముందే ఎందుకు తెలియలేదన్నది ఆవిడకు మిగిలిన సందేహం. ప్రతి వసూలుకు కనీసం 24 గంటల ముందు ఖాతాదారుకు సమాచారం పంపాలని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. మెసేజీలు వెనక్కి జరుపుతూ వెతికితే అక్టోబరు 21 నాటిది దొరికింది. బట్టల దుకాణాల డిస్కౌంట్ల మధ్య, ఇంగ్లిషులో. రేపు 149 రూపాయలు వెళ్తాయని అందులో స్పష్టంగానే ఉంది. ఆవిడ తెలుగు చదువుతుంది, ఇంగ్లిషు రాదు. నియమం పాటించారు, సంగతి మాత్రం ఆవిడకు చేరలేదు. ఇలాంటి మెసేజ్ కనిపిస్తే రద్దు ఆ రోజే చేసేయండి, వసూలు జరిగే ఉదయం దాకా ఆగవద్దు.

ఇక పోయిన డబ్బు. నాలుగు విడతలు 596, మొదటి రూపాయితో కలిపి 597. రద్దు చేస్తే ముందు ముందు పోయేది ఆగుతుంది, పోయింది దానంతట అది తిరిగి రాదు. బ్యాంకుకు వెళ్తే, మీరే పిన్ కొట్టి అనుమతించారు కదా అంటారు. అది వాళ్ల తప్పు కాదు కూడా. నిజంగా మీరు ఏ అనుమతీ ఇవ్వకుండానే డబ్బు పోతే దారి వేరు. వెంటనే బ్యాంకుకు చెప్పి, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. బ్యాంకు పట్టించుకోకపోయినా, 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. దాని వివరాలు 14448లో చెబుతారు.

ఈవిడ విషయంలో తగాదా కంపెనీతో. చందాలో చేరడం ఒక్క నొక్కుతో, బయటపడడం మాత్రం చిక్కుగా పెట్టడాన్ని సబ్‌స్క్రిప్షన్ ట్రాప్ అంటారు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ప్రకటించిన 13 రకాల మోసపు ఎత్తుల్లో అదీ ఒకటి. అలాంటి వాటికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. ముందు కంపెనీకే రాశాం, యాప్ తీసేసిన తర్వాత పోయిన రెండు విడతలు తిరిగి ఇమ్మని, తేదీలతో సహా. వారం దాకా జవాబు లేదు. 1915లో ఫిర్యాదు నమోదు చేశాక రెండు విడతల డబ్బు, 298 రూపాయలు, వెనక్కి వచ్చింది. మొదటి రెండూ వదులుకుంది.

మీ పాసుపుస్తకంలో తెలియకుండా కట్ అయినవన్నీ యూపీఐ ఆటోపే అనుకోవద్దు. మే నెలాఖరులో 436 రూపాయలు పోతే అది ఏడాదికోసారి వెళ్లే జీవన్ జ్యోతి బీమా ప్రీమియం, 20 రూపాయలు పోతే సురక్షా బీమా. పద్దులో ఏసీహెచ్ లేదా నాచ్ అని ఉంటే అది వేరే రకం అనుమతి, యూపీఐ యాప్‌లో వెతికినా దొరకదు, బ్యాంకులోనే రద్దు చేయించాలి. గూగుల్ ప్లే పేరుతో పోతే ప్లే స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్ల పేజీ చూడాలి. అలాగే బీమాకో సిప్‌కో ఇచ్చిన అనుమతిని కోపంలో రద్దు చేయకండి. పాలసీ మూసేసినట్టు కాదు అది, ప్రీమియం కట్టడం ఆగిపోయి పాలసీ ల్యాప్స్ అవుతుంది.

ఆవిడ వెళ్లాక నా ఫోను తీసి చూసుకున్నాను. ఊళ్లో అందరికీ చెప్పే మనిషిని కదా. పనిచేస్తున్నవి మూడు కనిపించాయి. ఒకటి కరెంటు బిల్లు, ఒకటి నా బీమా. మూడోది ఏడాదికోసారి 299, ఏదో దినపత్రిక యాప్‌ది, చివరిసారి ఎప్పుడు తెరిచానో గుర్తులేదు. ముగింపు తేదీ 2053. మా ఆవిడకు చూపించకుండానే రద్దు చేశాను.