లిస్టులో 58 ఎందుకు మిగిలిపోయింది?

[తెర మీద కోడ్]

ముందు ఈ కోడ్ చూడండి. ఐదే లైన్లు, పైథాన్ కొత్తగా నేర్చుకున్నవాళ్లు ఎవరైనా ఇలాగే రాస్తారు.

```python
att = [82, 61, 58, 90, 70]
for p in att:
    if p < 75:
        att.remove(p)
print(att)
```

ఇవి ఐదుగురు స్టూడెంట్ల అటెండెన్స్ శాతాలు. 75 కన్నా తక్కువ ఉన్నవాళ్లని తీసేసి, మిగిలినవాళ్లకి హాల్ టికెట్ ఇవ్వాలి. కండోనేషన్ సంగతి ఇప్పుడు పక్కన పెడదాం. రన్ చేస్తే 82, 90 రెండే మిగలాలి కదా. కానీ వచ్చేది ఇది:

```
[82, 58, 90]
```

61 పోయింది, 70 కూడా పోయింది, ఆ రెండింటికన్నా తక్కువైన 58 మాత్రం హాయిగా హాల్ టికెట్ తీసుకుని వెళ్లిపోతోంది. కారణం మీకు తెలిసినా సరే కాసేపు ఆగండి, ఎందుకంటే ఈ వీడియోలో నేను చూపించాలనుకున్నది ఈ బగ్ ఒక్కటే కాదు, ఒక అమ్మాయి దీన్ని పట్టుకున్న తీరు.

[ఎస్.ఆర్.నగర్ వీధి, రాత్రి. హాస్టల్ కిటికీలో లైటు]

కథలో అమ్మాయి పేరు స్రవంతి అనుకుందాం. బీటెక్ రెండో సంవత్సరం, ఎస్.ఆర్.నగర్‌లో లేడీస్ హాస్టల్, పొద్దున్నే మినీ ప్రాజెక్ట్ చూపించాలి. అర్ధరాత్రి దాటింది, ముందు రోజు కూడా సరిగ్గా నిద్ర లేదు. సాయంత్రం దాకా ప్రోగ్రాం బాగానే పనిచేసింది. అప్పుడు తను టెస్ట్ చేసిన లిస్టు వేరు, దాని సంగతి తర్వాత చెప్తాను. రాత్రి క్లాసు అసలు లిస్టు ఎక్కించాక తేడా కనిపించింది.

అప్పటికి తను చాలానే చేసి చూసింది. `<` బదులు `<=` పెట్టింది, మార్పు లేదు. శాతాలు నంబర్లు కాకుండా స్ట్రింగ్‌లుగా వస్తున్నాయేమో అని టైప్ చూసింది, నంబర్లే. చివరికి లిస్టులో 58 ఒక్కటే పెట్టి రన్ చేసింది, అప్పుడు శుభ్రంగా పోయింది! ఇక్కడే తనకి పూర్తిగా బుర్ర తిరిగిపోయింది, ఎందుకంటే ఒంటరిగా ఉంటే పోయే నంబర్ నలుగురిలో ఉంటే పోవట్లేదు. నిజానికి ఇది చాలా పెద్ద క్లూ. పోలికలో తప్పు లేదు, 58 పక్కన ఏం ఉందనే దాంట్లో ఏదో ఉందని అది చెప్తోంది. కానీ అంత అలసటలో క్లూ కూడా ఇంకో సమస్యలాగే కనిపిస్తుంది.

రూమ్‌మేట్ మౌనికది కరీంనగర్, సీఏ ఇంటర్‌కి చదువుతోంది, కోడింగ్‌తో సంబంధం లేదు. తన పుస్తకం ముందేసుకుని మేలుకునే ఉంది.

"ఏమైందే, అట్ల కూసున్నవ్?"

"ఇది పనిచేయట్లేదే. 75 కన్నా తక్కువ ఉన్నవాళ్లందరినీ తీసేయాలి, తీసేయట్లేదు."

"నాకు చెప్పు జర. ఏం చేస్తది అది?"

"చెప్పాను కదే, లిస్టులో ఒక్కొక్కరినీ చూస్తుంది, తక్కువుంటే తీసేస్తుంది."

[తెర ఆగుతుంది]

ఇక్కడ ఆపుదాం. స్రవంతి ఇప్పుడు చెప్పిన వాక్యంలో తప్పేమీ లేనట్టే ఉంటుంది, కానీ బగ్ సరిగ్గా ఆ వాక్యంలోనే దాక్కుంది. "ఒక్కొక్కరినీ చూస్తుంది" అనేది తను కోడ్ చేత చేయించాలనుకున్న పని, కోడ్ నిజంగా చేస్తున్న పని అది కాదు. మన కోడ్ మనం ఎన్నిసార్లు చదువుకున్నా ఇదే జరుగుతుంది, స్క్రీన్ మీద ఉన్నదాన్ని వదిలేసి మనసులో ఉన్నదాన్ని చదివేస్తాం. ఇలా పైపైన చెప్పినన్నాళ్లూ, పక్కన ఎంత మంచి ఫ్రెండ్ కూర్చున్నా బగ్ దొరకదు. నా ఉద్దేశంలో కోడ్‌ని గట్టిగా పైకి చెప్తూ బగ్ వెతకడం అనే పద్ధతి చాలామందికి పనిచేయకపోవడానికి కారణం ఇదే, వాళ్లు కోడ్ ఉద్దేశం చెప్పి ఊరుకుంటారు.

మౌనికకి ఇవేవీ తెలియవు. తను లాంగ్ నోట్‌బుక్ వెనక పేజీ తీసి పెన్ను చేతిలో పెట్టింది.

"అట్ల కాదు, ఆ నంబర్లు రాసి చూపించు. ఫస్ట్ ఏది చూస్తది, తర్వాత ఏది చూస్తది, అన్నీ చెప్పు."

[కాగితం దగ్గరగా. ఐదు గళ్లు, వాటి కింద 0, 1, 2, 3, 4]

స్రవంతి ఐదు గళ్లు గీసింది. లోపల శాతాలు, కింద స్థానాలు సున్నా నుంచి నాలుగు దాకా.

"ముందు సున్నాలో ఉన్న 82. 75 కన్నా తక్కువా? కాదు, ఉంచేస్తుంది. తర్వాత ఒకటో స్థానం, 61. తక్కువే, తీసేస్తుంది." పెన్నుతో 61 కొట్టేసింది. "తర్వాత రెండో స్థానం..."

"58 కదా?"

"ఆఁ, 58..." అని గడి మీద పెన్ను పెట్టి ఆగిపోయింది. "ఉండు. 61 పోతే ఆ గడి ఖాళీగా ఉండదు కదా."

మొదటి సంవత్సరం సీ ల్యాబ్‌లో తనే రాసింది, అర్రే మధ్యలోంచి ఒక ఎలిమెంట్ తీసేస్తే వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ఎడమకి జరపాలి. పైథాన్‌లో `remove` అంటే ఆ జరపడం మన కంటికి కనిపించకుండా జరిగిపోతుంది, అంతే తేడా. కింద కొత్తగా నాలుగు గళ్లు గీసింది.

```
82  58  90  70
 0   1   2   3
```

"58 ఒకటో స్థానంలోకి వచ్చేసింది. లూప్ ఒకటో స్థానం చూడటం అయిపోయింది, ఇప్పుడు రెండుకి వెళ్తుంది. రెండులో 90 ఉంది!"

"మరి 58ని ఎప్పుడు చూస్తదే?"

"చూడదు. దాన్ని అసలు చూడనే చూడదు!"

మౌనిక ఇందులో ఒక్క సలహా కూడా ఇవ్వలేదు గమనించారా. అడిగింది రెండు మూడు ప్రశ్నలు, అన్నీ "తర్వాత ఏంటి" లాంటివే. పక్కన కూర్చున్నది కోడింగ్ బాగా వచ్చిన ఫ్రెండ్ అయి ఉంటే, మధ్యలోనే కీబోర్డ్ లాక్కుని ఏదో ఒకటి మార్చేసే అవకాశమే ఎక్కువ. మీ ఫ్రెండ్ మీకు కోడ్ చెప్తున్నప్పుడు దయచేసి అలా చేయకండి, మౌనికలా కాగితం ఇవ్వండి.

[హోస్ట్ కెమెరా వైపు]

ఇప్పుడు లోపల ఏం జరుగుతోందో చూద్దాం. లిస్టు మీద `for` తిరిగేటప్పుడు పైథాన్ ఒక కౌంటర్ ఉంచుకుంటుంది, నేను ఇప్పుడు ఎన్నో స్థానంలో ఉన్నాను అని. ప్రతి చుట్టుకీ దాన్ని ఒకటి పెంచుతుంది, ఆ స్థానంలో ఏది ఉంటే అది మనకి ఇస్తుంది, కౌంటర్ లిస్టు పొడవుని చేరితే ఆగిపోతుంది. మధ్యలో లిస్టు పొట్టిదైందన్న సంగతి ఆ కౌంటర్ పట్టించుకోదు. కాబట్టి ఒకదాన్ని తీసేసిన ప్రతిసారీ దాని వెనకున్నది తప్పించుకుంటుంది.

స్రవంతి దీన్ని ఊహగా వదిలేయలేదు. లూప్ లోపల మొదటి లైనుగా `print(p)` పెట్టి రన్ చేసింది. వరసగా 82, 61, 90, 70 వచ్చాయి. 58 లేదు. బగ్ అదేనని అప్పుడు ఖాయమైంది. అంతకుముందు తను పెట్టిన `print` లూప్ అయిపోయాక ఉంది, అది ఫలితం చూపిస్తుంది కానీ దారి చూపించదు.

మరి సాయంత్రం ఎలా పనిచేసింది? ఇది నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చే భాగం. సాయంత్రం లిస్టు ఇది:

```python
att = [82, 61, 90, 70, 88]
```

61 పోగానే 90 ఎడమకి జరిగి తప్పించుకుంది, 70 పోగానే 88 తప్పించుకుంది. అంటే లూప్ చూసింది 82, 61, 70 మాత్రమే. ఆ తప్పించుకున్న రెండూ 75 పైన ఉన్నవి కాబట్టి జవాబు సరిగ్గా వచ్చింది, లేదంటే సాయంత్రమే దొరికిపోయేది. తక్కువ శాతం ఉన్నవాళ్లు ఇద్దరు పక్కపక్కన ఉంటే తప్ప ఈ బగ్ బయటపడదు. 58 ఒంటరిగా ఉన్నప్పుడు పోవడానికి కారణం కూడా అదే, దాని ముందు తీసేసేది ఏదీ లేదు.

సరిచేయడం ఒక్క లైను పని. ఉన్న లిస్టులోంచి తీసేయకుండా, కావలసినవాటితో కొత్త లిస్టు చేసుకోవాలి:

```python
ok = [p for p in att if p >= 75]
```

తిరిగే లిస్టు మారదు కాబట్టి ఎవరూ జరగరు. పాత లూపే ఉంచుకోవాలంటే `for p in att[:]` అని లిస్టు కాపీ మీద తిరిగినా సరిపోతుంది, కానీ నాకైతే మొదటిదే ఇష్టం, చదవగానే అర్థమవుతుంది.

ఇలా ఎదుటివాళ్లకి చెప్తూ బగ్ వెతకడాన్ని ప్రోగ్రామర్లు రబ్బర్ డక్ డీబగ్గింగ్ అంటారు, 1999లో వచ్చిన ఒక ప్రోగ్రామింగ్ పుస్తకంతో ఈ పేరు బాగా పాకింది. మనిషి దొరకకపోతే బొమ్మ బాతుకైనా లైను లైనుగా చెప్పమని దాని అర్థం. ఇది ఎందుకు పనిచేస్తుందో కొంత చెప్పే ప్రయోగం ఒకటుంది. 2002లో యేల్ యూనివర్సిటీకి చెందిన రోజెన్‌బ్లిట్, కీల్ అనే ఇద్దరు, జిప్పు, ఫ్లష్ టాయిలెట్ లాంటివి ఎలా పనిచేస్తాయో మీకెంత తెలుసు అని జనాన్ని అడిగి మార్కులు వేసుకోమన్నారు. తర్వాత అది ఎలా పనిచేస్తుందో అంచెలంచెలుగా రాయమన్నారు. రాశాక మళ్లీ మార్కులు వేసుకోమంటే చాలామంది తమకి తామే తగ్గించుకున్నారు. తెలుసనుకున్నచోట గ్యాప్ ఉందని, చెప్పడం మొదలుపెడితేనే బయటపడింది. స్రవంతి పెన్ను ఆగిన చోటు అదే.

అయితే ఇది ప్రతి బగ్‌కీ పనిచేస్తుందని కాదు. అర్రేలో ఎలిమెంట్ తీసేస్తే మిగతావి జరుగుతాయని స్రవంతికి ముందే తెలుసు, అందుకే పెన్ను ఆగింది. ఆ సంగతి తెలియకపోతే "తర్వాత 58" అని ధీమాగా చెప్పేసి ముందుకి వెళ్లిపోయేది. అలాగే కోడ్ వేరే ఫోల్డర్‌లో ఉన్న పాత ఫైలుని చదువుతున్నా, లైబ్రరీ వెర్షన్ వేరైనా, మీ నోట్లోంచి ఎన్ని లైన్లు వచ్చినా లాభం లేదు. అందుకే చెప్తూ చెప్తూ "ఇక్కడ ఇది ఉంటుంది" అన్న ప్రతి చోటా ఒక `print` పెట్టి, నిజంగా అదే ఉందా అని చూసుకోండి.

ఇంకొక్క మాట, డిక్షనరీల గురించి. ఇదే పొరపాటు డిక్షనరీతో జరిగితే, అంటే దాని మీద తిరుగుతూ ఒక కీ తీసేస్తే, పైథాన్ ఊరుకోదు, అక్కడికక్కడే ఆపేసి ఈ ఎర్రర్ చూపిస్తుంది:

```
RuntimeError: dictionary changed size during iteration
```

లిస్టుకి అలాంటి హెచ్చరిక లేదు, తప్పు జవాబు మౌనంగా ఇచ్చేస్తుంది. మీరు టెస్ట్ చేసేటప్పుడు `[60, 60, 60]` లాంటి లిస్టు ఒకటి తప్పకుండా పెట్టండి. పాత కోడ్‌కి ఇస్తే ఖాళీ లిస్టు రావాల్సిన చోట ఒక 60 మిగులుతుంది. ఎందుకు ఒకటే మిగిలిందో, మధ్యలో ఉన్నదా చివరదా, గళ్లు గీసి పక్కనున్నవాళ్లకి చెప్పి చూడండి.