క్యాంటీన్‌కు రాసిన ఉత్తరంలో ఆరు రూపాయల లెక్క

(అనంతపురంలో పొదుపు సంఘం అక్కచెల్లెళ్ల ముందు చేసిన ప్రసంగం)

అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. ఇంట్లో చేసిన తినుబండారాలు అమ్ముతానని స్కూల్ క్యాంటీన్‌కు ఉత్తరం ఎట్లా రాశావని చాలామంది అడిగినారు. ఉత్తరం రాయడం కష్టం కాదు, అందులో వేసే రేటు దగ్గరే కష్టం. నేను మొదట రాసిన కాగితంలో శనక్కాయ ఉండ నాలుగు రూపాయలని వేశాను. అది పంపి ఉంటే నెల తిరిగేసరికి చేతులెత్తేసేదాన్ని.

లెక్క వినండి. కిలో శనక్కాయ విత్తనాలు నేను కొన్న రోజు 140 రూపాయలు. 600 గ్రాముల బెల్లానికి 36. గ్యాసు, యాలకులు, చుట్టే కాగితం కలిపి 24. మొత్తం 200. విత్తనాలు వేయించి పొట్టు తీస్తే కిలో కాస్తా 900 గ్రాములకు వస్తుంది. పాకం గిన్నెకు అంటుకున్నది, విరిగినవి పోగా 25 గ్రాముల ఉండలు 56 వచ్చాయి. ఒక్కోటి మూడున్నర రూపాయల పైచిలుకు. అందుకే నాలుగు అనుకున్నా. కానీ నా రెండు గంటల పని ఏదీ? ఆటో ఖర్చు ఏదీ? పనికి 100, ఆటోకు 20 కలిపితే 320. అప్పుడు ఉండ ఐదు రూపాయల డెబ్బై పైసలు దాటింది. ఆరు అని దిద్దాను. మన కష్టాన్ని మనమే లెక్కలో వదిలేస్తే వేరేవాళ్లు ఎందుకు వేస్తారు?

పంపిన ఉత్తరం చదువుతాను.

“క్యాంటీన్ నిర్వాహకులకు నమస్కారం. నేను ఇంట్లో పిల్లల కోసం తినుబండారాలు చేస్తాను. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ ఉంది, నకలు జత చేశాను. శనక్కాయ ఉండ 25 గ్రాములు, మీకు 6 రూపాయలు. మీరు 8కి అమ్ముకోవచ్చు. అలసంద గుగ్గిళ్లు చిన్న కప్పు 10 రూపాయలు. ఇవి ఉదయం ఇంటర్వెల్‌కు మాత్రమే, మిగిలితే మధ్యాహ్నానికి పెట్టకండి. శనక్కాయలు పడని పిల్లలు ఉంటారు కాబట్టి ఉండల డబ్బా మీద ఆ మాట పెద్దక్షరాల్లో రాస్తాను. బెల్లం, విత్తనాల ధర బాగా మారితే నెల ముందు చెప్పి రేటు మారుస్తాను. మొదటి వారం మంగళ, శుక్రవారాల్లో 50 చొప్పున ఉండలు తెస్తాను. అమ్ముడుపోనివి వెనక్కి తీసుకుంటాను.”

ఉగ్గాణి ఎందుకు రాయలేదని మా తోడికోడలు అడిగింది. మన ఊళ్లో పిల్లలకు ప్రాణమే, కానీ నానిన బొరుగులు గంటకే ముద్దవుతాయి. మోసుకుపోయే పదార్థం కాదది.

రేటు తర్వాత నన్ను టెన్షన్ పెట్టింది పాకమే. నీళ్లలో వేస్తే మెత్తగా ఉండ కట్టాలి. ఇంకా ముదిరి, పళ్లెం మీద వేస్తే ఠంగుమని మోగితే, ఆ ఉండలు చిన్నపిల్లలు కొరకలేరు. లేతదైతే వానాకాలంలో కాగితానికి అతుక్కుంటాయి. శాంపిల్ ఇచ్చిన రోజు నావి ముదిరాయి. క్యాంటీన్ ఆయన ఒకటి కొరికి, “అమ్మా, ఒకటో తరగతి వాళ్లకు పళ్లు ఊడే వయసు” అన్నాడు. మరుసటి రోజు మళ్లీ చేసి తీసుకుపోయాను. ఆ వారమే మంగళవారం 50 ఆర్డర్ ఇచ్చినాడు. అందులో తొమ్మిది మిగిలినాయి, వెనక్కి తెచ్చుకున్నాను. శుక్రవారానికి నలభై చేశాను.