ఆ కుర్చీలో ఇంతకుముందు ఎవరున్నారు?

శ్రోతలకు నమస్కారం.

ఒక కర్మాగారంలో ఆరేళ్లుగా సరుకు నిల్వల విభాగం చూస్తున్న నా మిత్రుడికి రెండు కొత్త రంగాల నుంచి పిలుపు వచ్చింది. నిర్మాణ సంస్థలో సమన్వయకర్త ఉద్యోగానికి జీతం ఇప్పటికంటే 30 శాతం ఎక్కువ. రవాణా సంస్థలో, లారీల్లో సరుకు సర్దుబాటు చూసే ప్రణాళిక విభాగంలో 10 శాతం తక్కువ. ఆలోచించడానికి ఏముందని ఇంట్లోవాళ్లు అన్నారట.

ఇద్దరం కాగితం పెట్టుకుని కూర్చున్నాం. ఇప్పటి జీతం 100 అనుకున్నాం. నిర్మాణ సంస్థలో 130తో మొదలై, ఏటా 5 శాతం పెరిగితే ఐదో ఏట 158. రవాణా సంస్థలో 90తో మొదలు. ఏటా 10 శాతం పెంపు, మూడో ఏట, ఐదో ఏట మాత్రం దాని బదులు పదోన్నతితో 30 శాతం. అలా ఐదో ఏట 184 అవుతుంది. కానీ తొలి నాలుగేళ్లూ తక్కువే వస్తుంది కదా! ఆ లోటు పూర్తిగా పూడేది ఏడో ఏట. నెలనెలా అప్పు వాయిదాలు కట్టేవాళ్లు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

పదోన్నతులు రాకపోతే ఐదో ఏట 132 దగ్గరే ఆగిపోతాడు. అంటే లెక్కంతా ఆ రెండు మెట్ల మీదే నిలబడి ఉంది. అందుకే పదోన్నతి ఇస్తారా అని అడగవద్దని చెప్పాను. ఇస్తామనే అంటారు. ఇదే పనిలో చేరిన గత ముగ్గురు ఇప్పుడు ఎక్కడ ఉన్నారని అడగమన్నాను. ఇరవైమందికి ఒకే పర్యవేక్షకుడు ఉన్నచోట పై కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందో ఎవరూ చెప్పలేరు.

మూడో నెలలో చేసే పని ఏమిటి, పద్దెనిమిదో నెలలో చేసే పని ఏమిటి అని కూడా అడగమన్నాను. నిర్మాణ సంస్థలో రెండూ ఒకటే, బిల్లులు సేకరించడం, ఫోన్లు చేయడం. రవాణా సంస్థలో మొదట లారీల నింపకం, తరువాత గిరాకీ అంచనా, ఆపైన రవాణాదారులతో ధరల బేరం. నిల్వల అనుభవం అక్కడ అక్కరకొస్తుంది కాబట్టి అతను ఓనమాల నుంచి మొదలుపెట్టనక్కరలేదు. ఆ సంస్థ సొంత సాఫ్ట్‌వేర్ వాడటం ఒక్కటే నేర్పి ఉంటే మాత్రం నేను వద్దనేవాడిని. గేటు దాటితే ఆ విద్యకు విలువ ఉండదు.

అడిగి వచ్చాడు. నిర్మాణ సంస్థలో ఇద్దరు ఏడాదిలోపే మానేశారు, మూడో మనిషి ఐదేళ్లుగా అదే కుర్చీలో ఉన్నాడు. రవాణా సంస్థలో ఒకరు ప్రాంతీయ పర్యవేక్షకుడయ్యారు, ఇంకొకరు పెద్ద హోదాతో వేరే సంస్థకు వెళ్లారు. కదలకుండా మిగిలిన మూడో ఆయన్ను నా మిత్రుడు స్వయంగా కలిశాడు. "పై మెట్టుకు రెండేళ్లు రాత్రి షిఫ్టు చేయాలండీ, నాకు కుదరలేదు" అన్నాడాయన. ప్రకటనలో ఆ మాట ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం మిత్రుడు ఇంట్లో జీతం ఊసెత్తలేదు. రాత్రి షిఫ్టు గురించి భార్యతో చాలాసేపు మాట్లాడాడు.