ఒకటి రెండుగా కనబడితే ముందు ఒక కన్ను మూసి చూడండి

(ఆరోగ్య ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

యాంకర్: శ్రోతలకు నమస్కారం. ఈ రోజు మనతో కంటి డాక్టర్ గారు ఉన్నారు. ఒక వస్తువు రెండుగా కనిపించే సమస్య గురించి ఫోన్ చేసి అడగొచ్చు. డాక్టర్ గారూ, నమస్కారం.

డాక్టర్: నమస్కారమండీ. కాల్స్ తీసుకునే ముందు ఒక్క మాట. ఫోన్ చేసేవాళ్లు దయచేసి ఒక పని చేసి చెయ్యండి. రెండుగా కనబడుతున్నప్పుడు ఒక కంటిని అరచేత్తో మూసి చూడండి, తర్వాత రెండో కంటిని మూసి చూడండి. ఏ కన్ను మూస్తే ఏమైందో చెప్తే సగం జబ్బు అక్కడే తెలిసిపోతుంది.

యాంకర్: మొదటి కాల్ నల్గొండ నుంచి. చెప్పండమ్మా.

నల్గొండ కాలర్: నమస్తే సార్. మా అమ్మకు అరవై ఏడేళ్లు. రాత్రిపూట చంద్రుణ్ణి చూస్తే రెండు మూడు కనబడుతున్నాయంట. వీధి లైటు కూడా అంతేనంట.

డాక్టర్: కన్ను మూసి చూపించారా అమ్మా?

నల్గొండ కాలర్: మీరు చెప్పినంక ఇప్పుడే చూపించిన సార్. ఎడమ కన్ను మూసినా కుడి కంటితో రెండుగానే కనబడుతుందంట. కుడి కన్ను మూస్తే మంచిగా ఒక్కటే.

డాక్టర్: చాలా బాగా చెప్పారు. ఒక్క కంటితో చూసినా రెండుగానే ఉందంటే లోపం ఆ కంట్లోనే ఉంది. మెదడుకూ నరాలకూ సంబంధం లేదు. కంట్లోకి వచ్చే వెలుతురు దారిలో ఏదో చోట చీలిపోతోంది. ఆ వయసులో ఎక్కువగా చూసేది శుక్లం. లెన్స్ అంతా ఒకే తీరుగా మసకబారదు. ఒక చోట చిక్కగా, ఒక చోట పల్చగా ఉంటే రెండు మూడు నీడలు పడతాయి. మీ ఇంట్లో అట్ట ముక్క ఉంటే గుండుసూదితో చిన్న బెజ్జం చేసి, అమ్మను కుడి కంటితో అందులోంచి చూడమనండి. ఒక్కటిగా కనబడితే లోపం లెన్స్‌లోనో, నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరలోనో ఉందన్నమాట. ఆ పొర వంపు సమంగా లేకపోయినా ఇలాగే ఉంటుంది. కళ్లద్దాల చీటీలో సిలిండర్ అని రాస్తారు చూడండి, అదే. కన్ను పొడిబారినా నీడ వస్తుంది కానీ, రెప్ప రెండుసార్లు ఆర్పితే మారిపోతుంది. అమ్మకు రాత్రికి రాత్రి పరిగెత్తాల్సిన పని లేదు. ఈ నెలలో ఒక రోజు తీసుకెళ్లి చూపించండి.

నల్గొండ కాలర్: ఆపరేషన్ పడతదా సార్?

డాక్టర్: శుక్లమే అయితే పడొచ్చు, కంగారేం లేదు.

యాంకర్: థాంక్యూ అమ్మా. తర్వాత తెనాలి నుంచి.

తెనాలి కాలర్: డాక్టర్ గారూ నమస్కారమండీ. నాకు యాభై ఎనిమిది. పది రోజుల కిందట పొద్దున లేచి పొలం వెళ్దామని స్కూటర్ తీశానండీ. రోడ్డు మీద ఎదురొచ్చే ఆటో రెండు ఆటోలు అయింది. పక్కపక్కన. ఏ ఆటోని తప్పించాలో తెలీక స్కూటర్ ఆపేశాను. అద్దాలు పాతబడ్డాయేమో అని మా ఊళ్లో అద్దాల షాపులో చూపించుకున్నా. పవర్ కొంచెం మారిందన్నారు, కొత్తవి చేయించా. అయినా అంతే. ఇప్పుడు ఇంకో మంచి షాపులో చేయించమంటారా?

డాక్టర్: ఆగండి. అద్దాల సంగతి తర్వాత. కన్ను మూసి చూశారా?

తెనాలి కాలర్: మా అబ్బాయి మూయించాడండీ. ఎడమది మూసినా ఒకటే, కుడిది మూసినా ఒకటే. రెండూ తెరిస్తేనే రెండవుతున్నాయి. అందుకే కదండీ అద్దాలు సరిపోలేదేమో అని...

డాక్టర్: కాదండీ. అద్దాల లోపమైతే ఒక కంటితో చూసినా కనబడాలి. మీకు ఏ కన్ను మూసినా బొమ్మ సరిగ్గా ఉందంటే రెండు కళ్లూ విడివిడిగా బాగానే పనిచేస్తున్నాయి. రెండూ ఒకే చోటుకి గురిపెట్టలేకపోతున్నాయి, అంతే. ప్రతి కంటికీ తిప్పడానికి ఆరు కండరాలుంటాయి. వాటిని నడిపే నరాలు మూడు. ఒక్క కండరం వెనకబడినా ఒక కన్ను ఒక వైపు, రెండోది ఇంకో వైపు చూస్తాయి. మెదడుకి రెండు బొమ్మలు వెళ్తాయి. ఇప్పుడు చెప్పండి, దగ్గరి వస్తువా, దూరపు వస్తువా, ఏది ఎక్కువ రెండుగా ఉంది?

తెనాలి కాలర్: పేపరు చదవగలుగుతున్నానండీ. దూరంగా కరెంటు స్తంభం చూస్తే రెండు. పక్కపక్కనే.

డాక్టర్: మీ ఎదుట గోడ మీద గడియారమో కేలండరో ఉందా? తల కదపకుండా కళ్లు మాత్రమే తిప్పి కుడి పక్కకి చూడండి. తర్వాత ఎడమ పక్కకి.

తెనాలి కాలర్: (కాసేపాగి) కుడి పక్కకి చూస్తే ఒకటే అయిపోతోంది. ఎడమ పక్కకి చూస్తే రెండూ బాగా ఎడంగా పోతున్నాయండీ.

డాక్టర్: అలాగే ఎడమ పక్కకి చూస్తూ, అరచేత్తో ఎడమ కన్ను మూయండి. రెండు బొమ్మల్లో ఏది మాయమైంది?

తెనాలి కాలర్: ఆ... బాగా ఎడమ చివరగా ఉన్నది పోయిందండీ.

డాక్టర్: చూశారా. చివర ఉండే బొమ్మ ఎప్పుడూ జబ్బు పడిన కంటిదే. మీ ఎడమ కన్ను చెవి వైపుకి తిరగలేకపోతోంది. దాన్ని ఆ పక్కకి లాగే కండరాన్ని నడిపేది, మెదడు నుంచి వచ్చే నరాల వరసలో ఆరోది, ఆరో నరం అంటాం. ఆ నరం దెబ్బతిన్నట్టు అనిపిస్తోంది. చూడకుండా ఖాయంగా చెప్పను. మీకు షుగర్ ఉందా?

తెనాలి కాలర్: ఉందండీ, పన్నెండేళ్లుగా. బీపీ కూడా ఉంది.

డాక్టర్: మందులు?

తెనాలి కాలర్: వాడుతున్నానండీ. అయితే ఆ నరానికి కొత్త పవర్ పనిచేయదంటారా?

డాక్టర్: (కొంచెం గట్టిగా) నాయనా, ఇది పవర్ జబ్బు కాదు! ఎన్ని షాపులు తిరిగినా, ఎన్ని అద్దాలు మార్చినా కన్ను తిరగదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లకి ఆ నరానికి రక్తం తెచ్చే సన్నని నాళాలు పూడుకుపోతాయి. అప్పుడు నరం చచ్చుబడుతుంది. మంచి మాటేమిటంటే, ఈ రకం చాలామందిలో దానంతటదే మూడు నెలల్లోపు కోలుకుంటుంది. కానీ అది ఈ రకమేనని తేలాలి కదా. తలనొప్పి ఉందా? రెప్ప వాలిందా? మాట తడబడటం, నడుస్తుంటే తూలడం, చెయ్యో కాలో తిమ్మిరెక్కడం?

తెనాలి కాలర్: అవేం లేవండీ. కంటి వెనక మొదటి రెండు రోజులు కాస్త నొప్పి, అంతే.

డాక్టర్: అయితే రేపే కంటి డాక్టర్‌ని కలవండి. షుగర్, బీపీ చూపించుకోండి. డాక్టర్ కంటి కదలికలు కొలిచి రాసి పెడతారు. కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలుస్తారు. మెరుగు లేకపోయినా, ఇంకో నరం కూడా పోయినా, నొప్పి పెరిగినా ఎంఆర్ఐ చేయాలి. ఆలోగా మీ కళ్లద్దాల్లో ఎడమ గ్లాసు మీద పాలరంగు టేప్ అంటించండి. ఒక కన్ను మూసుకుపోతే రెండు బొమ్మల బాధ ఉండదు. కోలుకోవడం ఆగిపోయి తేడా మిగిలితే, అప్పుడు అద్దం మీద ప్రిజం అని, బొమ్మను పక్కకి జరిపి రెండిటినీ కలిపే పలక అంటించొచ్చు.

తెనాలి కాలర్: ఆ టేప్ వేసుకుని స్కూటర్...

డాక్టర్: నడపకూడదు. టేప్ ఉన్నా నడపకూడదు. ఒక్క కంటితో దూరం అంచనాకు రాదు. కొత్తగా అలవాటు లేనివాళ్లకి మరీ ప్రమాదం.

యాంకర్: సరేనండీ, రేపు చూపించుకోండి. ఆదిలాబాద్ నుంచి ఇంకో కాల్. చెప్పండి.

ఆదిలాబాద్ కాలర్: సార్, మా అన్నకు నిన్నటి నుంచి తలకాయ పగిలిపోయేటట్టు నొస్తుంది. ఈ రోజు పొద్దున కుడి రెప్ప వాలింది. రెప్ప ఎత్తి చూస్తే రెండు కనబడుతున్నాయంటున్నడు. కన్ను బయటి పక్కకి పోయినట్టుంది.

డాక్టర్: రెప్ప ఎత్తి చూడమ్మా, నల్లగుడ్డు మధ్యలో చిన్న నల్ల చుక్క ఉంటుంది కదా, అది ఎడమ కంటి కన్నా పెద్దగా ఉందా?

ఆదిలాబాద్ కాలర్: అవును సార్, పెద్దగున్నది.

డాక్టర్: ఫోన్ పెట్టేయండి. ఇప్పుడే, ఈ గంటలోనే, న్యూరో విభాగమున్న పెద్దాసుపత్రికి అన్నను తీసుకెళ్లండి. దగ్గర్లో లేకపోతే 108కి ఫోన్ చేయండి. మూడో నరం మీద పక్కనున్న రక్తనాళం ఉబ్బి నొక్కుతుంటే ఇలా ఉంటుంది. అది పగిలితే ప్రాణానికే ముప్పు. తల స్కాన్‌తో పాటు రక్తనాళాల స్కాన్ కూడా చేయాలని అక్కడ చెప్పండి. వెళ్లండమ్మా.

(లైన్ తెగింది)

యాంకర్: వరంగల్ నుంచి మరో కాలర్. టైమ్ తక్కువుందమ్మా, క్లుప్తంగా.

వరంగల్ కాలర్: నాకు ఇరవై ఆరేళ్లు డాక్టర్ గారూ. పొద్దున బాగుంటుంది. సాయంత్రం ఆఫీసు అయ్యేసరికి రెప్పలు బరువెక్కి రెండుగా కనబడుతుంది. కన్ను మూస్తే ఒకటే.

డాక్టర్: కాస్త పడుకుని లేస్తే మళ్లీ బాగవుతుందా?

వరంగల్ కాలర్: అవునండీ.

డాక్టర్: రోజులో మారే ఈ తీరే గుర్తు. మయస్తీనియా అని, నరం నుంచి కండరానికి కబురు సరిగా అందని జబ్బు ఒకటుంది. మూసిన రెప్ప మీద గుడ్డలో చుట్టిన ఐస్ రెండు నిమిషాలు పెట్టి తీస్తే, వాలిన రెప్ప కాసేపు పైకి లేస్తుంది. డాక్టర్లు పరీక్షగా వాడతారు. రక్త పరీక్ష కూడా ఉంది. థైరాయిడ్ కూడా చూపించుకోండి, అది కూడా కంటి కండరాల్ని పట్టేస్తుంది. మింగడం గానీ ఊపిరి గానీ కష్టమైతే మాత్రం ఆసుపత్రికి పరుగెత్తాలి.

యాంకర్: థాంక్యూ. ఇదే చివరి కాల్. మళ్లీ తెనాలి నుంచి.

తెనాలి నుంచి రెండో కాలర్: నమస్కారమండీ. ఇందాక మాట్లాడినాయన మా ఆయనే. మందులు వాడుతున్నానన్నారు గానీ, షుగరు మాత్రలు సంక్రాంతి నుంచే మానేశారండీ. చెప్పకుండా ఉండలేక ఫోన్ చేశాను. ఇంకోటి, వారం నుంచి టీవీ చూసేటప్పుడు ముఖం ఎడమ పక్కకి తిప్పి కూర్చుంటున్నారు. మెడ పట్టేసిందని కొబ్బరి నూనె రాస్తున్నా.

డాక్టర్: మెడ పట్టెయ్యలేదమ్మా. ముఖం ఎడమకి తిప్పితే కళ్లు కుడి పక్కకి చూస్తాయి, అక్కడ ఒకటే కనబడుతుంది. ఆయనకు తెలియకుండానే శరీరం ఆ ఉపాయం పట్టింది. ఇది నేననుకున్నదానికి బాగా సరిపోతోంది. మాత్రలు మానేసిన మాట కూడా రేపు డాక్టర్‌కి మీరే చెప్పండి, ఆయన చెప్తారని చూడకండి.

తెనాలి నుంచి రెండో కాలర్: అలాగేనండీ. స్కూటర్ మీద వెళ్దామంటున్నారు...

డాక్టర్: తాళం మీ దగ్గర పెట్టుకుని బస్సులో తీసుకెళ్లండి.

యాంకర్: ధన్యవాదాలు డాక్టర్ గారూ. కార్యక్రమం సమయం అయిపోయింది.