ఆఫర్ లెటర్ కంటే ముందు ఆ కంపెనీ పీఎఫ్ చూడండి

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది జర్నలిజం కోర్సు ఈ ఏడాదే పూర్తి చేసినవాళ్ళు, మిగతావాళ్ళు ఏదో ఒక డెస్క్‌లో రెండు మూడేళ్ళు చేసి బయటికొచ్చినవాళ్ళు అని నిర్వాహకులు చెప్పారు. అందుకే ఉద్యోగం ఎలా సంపాదించాలో నేను చెప్పను. తెలుగు డిజిటల్‌లో పని దొరుకుతుంది. ఆ పనికి ఆరు నెలల తర్వాత కూడా జీతం వస్తుందా, బయటనుంచి రాస్తే ఎంత అడగాలి, ఈ రెండే మాట్లాడతాను.

2023 ఆగస్టులో నేనొక న్యూస్ సైట్‌లో చేరాను. పేరు చెప్పను. మంచి ఆఫీసు, కొత్త కెమెరాలు, పెద్ద పత్రికలనుంచి వచ్చిన సీనియర్లు, పాత జీతానికి మూడో వంతు ఎక్కువ. చేరిన రెండో నెలలో నా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జీతం వేసిన కంపెనీ పేరు చూస్తే అది మా సైట్ కంపెనీ కాదు, యజమానికే ఉన్న రియల్ ఎస్టేట్ సంస్థ. నేను పట్టించుకోలేదు. తెలంగాణ ఎన్నికలు నవంబర్‌లో అయిపోయాయి, ఆంధ్రా కౌంటింగ్ 2024 జూన్ 4న అయిపోయింది, జూలై జీతం సగమే పడింది, సెప్టెంబర్‌కి నలభై మందిలో తొమ్మిది మంది మిగిలాం. అప్పుడు పీఎఫ్ పాస్‌బుక్ తెరిచాను. పే స్లిప్‌లో ప్రతి నెలా కోత ఉంది, పాస్‌బుక్‌లో మాత్రం మొదటి నాలుగు నెలలే ఉన్నాయి. అంటే ఆ కంపెనీ చేతిలో డబ్బు లేదన్న సంగతి మాకు తెలియడానికి ఏడు నెలల ముందే ఒక ప్రభుత్వ వెబ్‌సైట్‌లో అందరికీ కనిపించేలా ఉంది, మేమే చూడలేదు.

కాబట్టి మొదట చూడాల్సింది అదే. సైట్ పేరుతో వెతికితే దొరకదు, ఎందుకంటే బ్రాండ్ పేరు వేరు, కంపెనీ పేరు వేరు. సైట్ అడుగున ఉండే ప్రైవసీ పాలసీ పేజీలోనో, ప్లే స్టోర్‌లో వాళ్ళ యాప్ కింద డెవలపర్ వివరాల్లోనో అసలు కంపెనీ పేరు ఉంటుంది. అలాగే 2021 ఐటీ రూల్స్ ప్రకారం డిజిటల్ న్యూస్ సంస్థ ఫిర్యాదుల అధికారి వివరాలు సైట్‌లో పెట్టాలి. ఆ పేజీ లేదంటే చట్టపరమైన పనులు చూసే మనిషి అక్కడ లేడని నేను అనుకుంటాను. కంపెనీ పేరు చేతికొచ్చాక ఈపీఎఫ్‌ఓ సైట్‌లో Establishment Search అని ఉంటుంది, అందులో ఆ పేరు కొట్టండి. ఏ నెల పీఎఫ్ ఏ తేదీన కట్టారు, ఎంత కట్టారు, ఎంతమంది ఉద్యోగులకి కట్టారు అన్నీ వరుసగా వస్తాయి. ఒక నెల పీఎఫ్‌కి గడువు తర్వాతి నెల 15. ఎప్పుడో ఒకసారి 20న కట్టారంటే భయపడక్కర్లేదు. కానీ తేదీ నెలనెలా వెనక్కి జరుగుతూ, ఉద్యోగుల సంఖ్య 62, 55, 41 అని దిగిపోతుంటే, ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ "మేం ఎక్స్‌పాండ్ అవుతున్నాం" అని చెప్పినా నమ్మకండి. దీనికి ఒక పరిమితి ఉంది. ఇరవై మందికంటే తక్కువ ఉన్న చోట పీఎఫ్ తప్పనిసరి కాదు, కాబట్టి చిన్న సైట్ అందులో కనిపించకపోతే అదొక్కటే తప్పు కింద లెక్క కాదు. అలాంటప్పుడు కంపెనీ వ్యవహారాల శాఖ సైట్ mca.gov.in లో కంపెనీ మాస్టర్ డేటా చూడండి. లాగిన్ అడిగితే ఉచితంగానే చేసుకోవచ్చు. అక్కడ చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ చూస్తే చాలు. రెండేళ్ళ నాటిది ఉందంటే లెక్కలు దాఖలు చెయ్యడం ఆపేశారని అర్థం.

రెండోది, డబ్బు ఎక్కడినుంచి వస్తోంది. ఇది ఇంటర్వ్యూలో నేరుగా అడగండి, తప్పేం లేదు. తెలుగులో నాకు తెలిసి మూడు రకాలు కనిపిస్తాయి. పత్రికకో చానల్‌కో అనుబంధంగా ఉన్న సైట్, ప్రకటనల మీదే బతికే సైట్, యజమాని జేబులోంచి నడిచే సైట్. మూడో రకానికి యజమాని అవసరమే ఆయుష్షు. ఎన్నికలకి ఏడాది ముందు పుట్టిన సైట్ అయితే ఎన్నికల తర్వాత ఏం చేస్తారో అడగండి, జవాబు చెప్పడానికి ఎంతసేపు తడుముకుంటారో గమనించండి. ప్రకటనల సైట్ అయితే, ఫోన్‌లో గూగుల్ తనంతట తానే వార్తలు చూపించే డిస్కవర్‌నుంచి ఎంత ట్రాఫిక్ వస్తోందో డెస్క్‌లో పనిచేసేవాళ్ళని అడగండి, వాళ్ళకి తెలుస్తుంది. ముప్పావు వంతు అక్కడినుంచే అంటే గూగుల్ ఒక్క అప్‌డేట్ ఇస్తే రాత్రికి రాత్రి ఆదాయం పడిపోతుంది. చూసినవాళ్ళం ఉన్నాం.

పెద్ద పేరు ఉంటే ఇవన్నీ అక్కర్లేదని కొందరంటారు. హఫ్‌పోస్ట్ ఇండియా 2020 నవంబర్‌లో ఆగిపోయింది. అక్కడి జర్నలిస్టుల పనిలో లోపం వల్ల కాదు. హఫ్‌పోస్ట్‌ని బజ్‌ఫీడ్ కొంటోంది, మన దేశంలో డిజిటల్ న్యూస్‌లో విదేశీ పెట్టుబడి 26 శాతం మించకూడదని 2019లో వచ్చిన నిబంధన అడ్డొచ్చింది. యాజమాన్యం మారుతోందన్న వార్త కూడా ఉద్యోగం గురించిన వార్తే, చదువుతూ ఉండండి.

ఇంకొక మాట, జిల్లాల్లో ఉన్నవాళ్ళకి. ఐడీ కార్డుకి, మైకు లోగోకి డిపాజిట్ కట్టమని ఎవరైనా అడిగితే అది ఉద్యోగం కాదు. మన పత్రికల్లో కంట్రిబ్యూటర్లకి అచ్చయిన లైన్లు లెక్కగట్టి లైన్ అకౌంట్ అని చాలా తక్కువే ఇచ్చేవారు, యాడ్స్ తెమ్మని వెంటపడేవారు, అయినా ఎంతో కొంత వాళ్ళే మనకి ఇచ్చేవారు. మనమే కట్టేదైతే ఆ డబ్బు మళ్ళీ జనం దగ్గరే వసూలు చెయ్యమని చెప్పినట్టే. దయచేసి దాంట్లో దిగకండి.

ఇప్పుడు ఫ్రీలాన్స్ రేటు. చాలామంది అవతలివాళ్ళు ఎంతంటే అంతకి ఒప్పుకుంటారు, ఎందుకంటే తమ రేటెంతో తమకే తెలియదు. నా లెక్క చెప్తాను, మీ అంకెలు మీరు పెట్టుకోండి. డెస్క్‌లో చేతికి 35,000 వచ్చే మనిషి బయటికొచ్చాడనుకుందాం. కంపెనీ కట్టిన పీఎఫ్ వాటా, సెలవులు, లాప్‌టాప్, ఇంటర్నెట్, హెల్త్ ఇన్సూరెన్స్ ఇప్పుడు తనవే, వాటికి ఒక 10,000 వేసుకుంటే నెలకి 45,000 కావాలి. నెలలో 25 రోజులు పని చేసినా ఐడియాలు పంపడం, ఫోన్లు, ఇన్వాయిస్‌లు, డబ్బుల కోసం వెంటపడటం కలిపి పది రోజులు పోతాయి. డబ్బు తెచ్చే రోజులు 15. అంటే రోజుకి 3,000. ఇది కనీసం.

మా పరిచయంలో ఒక తమ్ముడు, ఖమ్మం వైపు అబ్బాయి, మిర్చి కౌలు రైతుల మీద గ్రౌండ్ రిపోర్ట్ రాస్తానని ఒక సైట్‌కి పంపాడు. 1,500 పదాలు, ఫొటోలతో సహా 4,000 ఇస్తామన్నారు. సంతోషంగా నాకు ఫోన్ చేశాడు. రోజులు లెక్కపెట్టమన్నాను. ఒక రోజు ఫోన్లు, రెండు రోజులు ఊళ్ళు, ఒక రోజు రాయడం, ఎడిటర్ అడిగినవాటికి ఇంకో సగం రోజు. నాలుగున్నర రోజులు, 13,500, పైన బస్సు, ఆటో, భోజనం 1,800. నాలుగు వేలలో ఆ ఖర్చు తీసేస్తే రోజుకి ఐదు వందలు కూడా మిగలదు. అలాగని 15,000 అడిగితే ఇచ్చే స్థితిలో ఆ సైట్ లేదు, అదీ నిజమే. అందుకని రేటు పెంచమని బతిమాలకుండా పని కొలత మార్చమన్నాను. అతను రాసిన మెయిల్ దాదాపు ఇలా ఉంది: "సార్, 4,000కి ఫోన్ మీద ముగ్గురు రైతులు, ఒక వ్యవసాయ అధికారితో మాట్లాడి 700 పదాలు ఇవ్వగలను. ఊళ్ళు తిరిగి రాయాలంటే 9,000, ప్రయాణ ఖర్చు విడిగా." వాళ్ళు 7,500, ఖర్చులు విడిగా అన్నారు. అతను ఒప్పుకున్నాడు, కానీ ఒక షరతుతో: పదిహేను రోజుల తర్వాత అదే సమాచారంతో వేరే కోణంలో ఇంగ్లీషులో రాసుకునే హక్కు తనదే. ఆ రెండో వ్యాసంతోనే అతని లెక్క సరిపోయింది.

పదానికింత అని ఇచ్చే చోట తెలుగువాళ్ళం ప్రత్యేకంగా నష్టపోతాం. ఇంగ్లీషులో "he says he is not able to come" అని ఎనిమిది పదాలు రాస్తే మనకి "రాలేకపోతున్నానంటున్నాడు" అని ఒక్క పదం. అనువాదం పని అయితే ఇంగ్లీషు మూలంలో ఉన్న పదాల లెక్కకే డబ్బు అని ముందే రాయించుకోండి. సొంత వ్యాసమైతే పదాల లెక్క వద్దు, వ్యాసానికింత అని మాట్లాడుకోండి.

ఎంత అన్నదానికంటే ఎప్పుడు అన్నది ఎక్కువ దెబ్బతీస్తుంది. ప్రకటనల సైట్‌కి యాడ్‌సెన్స్ డబ్బు ఒక నెలది తర్వాతి నెల 21 తర్వాత పడుతుంది, కాబట్టి వాళ్ళు ముప్పై నలభై రోజులు ఆగమంటే అందులో న్యాయం ఉంది. కానీ "పబ్లిష్ అయ్యాక 45 రోజులు" అన్న మాటకి ఒప్పుకోవద్దు. వాళ్ళు ఆ వ్యాసం వెయ్యకుండా ఉంచితే మీ రోజులు లెక్కే మొదలవ్వవు. "వ్యాసం అందిన తేదీనుంచి" అని రాయించుకోండి. వెయ్యకపోయినా సగం ఇవ్వాలని కూడా. ఒప్పందం అంటే స్టాంపు పేపర్ అక్కర్లేదు, మెయిల్‌లో నాలుగు వాక్యాలు, అటునుంచి "ఓకే" చాలు. వాట్సాప్ కాల్‌లో అనుకున్నది మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇంకా ఇవ్వకపోతే? చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఫ్రీలాన్సర్ కూడా ఆధార్‌తో ఉచితంగా చేసుకోవచ్చు. అది ఉంటే ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు మించి డబ్బు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు చక్రవడ్డీ. ఎంఎస్‌ఎంఈ శాఖ పోర్టల్‌లో ఫిర్యాదు చెయ్యొచ్చు. పని మొదలుపెట్టే ముందే రిజిస్టర్ అయి ఉండాలి, డబ్బు ఆగాక చేసుకుంటే పాత బిల్లుకి పనికిరాకపోవచ్చు. ఫిర్యాదు తేలడానికి నెలలు పడుతుంది, ఆ సైట్‌తో మళ్ళీ పని ఉండదు, కాబట్టి నాలుగు వేల కోసం వెళ్ళమని నేను చెప్పను. నలభై వేలు ఆగితే వెళ్ళండి. ఇన్వాయిస్ మీద ఉద్యమ్ నంబర్ వెయ్యడం మాత్రం మొదటినుంచీ చెయ్యండి. గడువులోగా ఇవ్వని బిల్లుని, ఇచ్చేదాకా ఆ కంపెనీ పన్ను లెక్కల్లో ఖర్చు కింద చూపించుకోవడానికి వీల్లేదు, అందుకే ఆ నంబర్ కనిపిస్తే మార్చిలో వాళ్ళ అకౌంటెంటే మీ బిల్లు బయటికి తీస్తాడు.

టీడీఎస్ కోసుకున్నామని చెప్పినవాళ్ళ కోత ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ ఫారం 26ఏఎస్‌లో కనిపించాలి. మూడు నెలలకోసారి చూడండి. మన దగ్గర కోసి ప్రభుత్వానికి కట్టని సంస్థ, రేపు మన ఫీజు కూడా అలాగే ఆపుతుంది.

చెప్పాల్సింది ఇంతే. ఎవరి దగ్గరైనా ఇప్పుడు ఆఫర్ ఉంటే కంపెనీ పేరు నాకు చెప్పక్కర్లేదు, ఫోన్‌లో ఆ Establishment Search తెరిచి మీరే కొట్టి చూడండి, ఏం కనిపించిందో చెప్తే దాని గురించి మాట్లాడుకుందాం.